తిరిగొచ్చే నీళ్లను బట్టే బాయిలర్

ఆసుపత్రిలో కొత్తగా లాండ్రీ పెడుతున్నారంటే ముందుగా తేలాల్సింది బాయిలర్ ఎంతది కొనాలన్నది. చాలాచోట్ల ఈ లెక్క పది నిమిషాల్లో తేల్చేస్తారు. ఒక్కో మెషిన్ పలక మీద గంటకు ఎన్ని కిలోల ఆవిరి కావాలో రాసి ఉంటుంది. అన్నీ కూడేసి, పైన కొంత కలిపి, దగ్గర్లో ఉన్న పెద్ద సైజుకు ఆర్డర్ పెడతారు. అలాంటిదే ఇంకొకటి స్టాండ్‌బైగా తీసుకుంటారు. మెషిన్లకు వెళ్లిన ఆవిరి నీరై ఎంత తిరిగొస్తుంది, ఎంత వేడిగా వస్తుంది అని ఆ పది నిమిషాల్లో ఎవరూ అడగరు. నిజానికి బాయిలర్ ఎంతుండాలో చెప్పే అంకెల్లో సగం ఆ తిరుగు పైపులోనే ఉన్నాయి.

ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా లెక్క వేద్దాం. జిల్లా కేంద్రంలో 500 పడకల ఆసుపత్రి ఉందనుకోండి. పడకకు రోజుకు 4 కిలోల బట్ట చొప్పున 2,000 కిలోలు లాండ్రీకి వస్తాయి. దుప్పట్లు, దిండు గలేబులు, ఓటీ గౌన్లు, తువ్వాళ్లు, కంబళ్లు అన్నీ అందులోనే. లాండ్రీ ఒకే షిఫ్టు నడుస్తుంది. చేతికందే పని సమయం ఏడు గంటలు. అంటే గంటకు 285 కిలోల పొడి బట్ట ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. దానికి 60 కిలోల వాషర్లు నాలుగు, రెండు డ్రయ్యర్లు, దుప్పట్లను రోలరు కింద నుంచి లాగి ఇస్త్రీ చేసే క్యాలెండర్ మెషిన్ ఒకటి, గౌన్లకు ఒకటి రెండు ప్రెస్‌లు సరిపోతాయి. వాటికి 7 కిలోల ప్రెషర్‌లో ఆవిరి అందాలి. ఆ ప్రెషర్‌లో ఆవిరి వేడి 170 డిగ్రీలు.

మొదట వాషర్ల సంగతి. ఆసుపత్రి బట్టను ఇంట్లోలా గోరువెచ్చని నీళ్లలో ఉతికితే కుదరదు, సూక్ష్మజీవులు చావాలి. అమెరికా సీడీసీ మార్గదర్శకం 71 డిగ్రీల వేడిలో 25 నిమిషాలు ఉంచమంటుంది. బ్రిటన్ ప్రమాణంలో 71 డిగ్రీల దగ్గర 3 నిమిషాలు, లేదా 65 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు చాలు, కాకపోతే బట్ట పూర్తిగా ఆ వేడికి చేరడానికి పట్టే సమయం వేరుగా కలపాలి. చిన్న జాగ్రత్త కలుపుకుని 75 డిగ్రీలు అనుకుందాం. ఒక వాషర్‌లో 300 లీటర్ల నీటిని 30 నుంచి 75 డిగ్రీలకు తేవాలి. డ్రమ్ము ఇనుము, బట్ట కూడా వేడెక్కాలి. అన్నిటికీ కలిపి 16,500 కిలోకేలరీలు, అంటే 28 కిలోల ఆవిరి. ముందు ఉతుకు, గోరువెచ్చని జాడింపు కలిపితే లోడుకు 40 కిలోల దగ్గర. గంటకు దాదాపు అయిదు లోడులు తిరుగుతాయి కాబట్టి వాషర్ల సగటు వాడకం గంటకు 200 కిలోలు.

డ్రయ్యర్లు, క్యాలెండర్ చేసే పని వేరు. అవి బట్టలో మిగిలిన నీటిని ఆవిరి చేసి తరిమేస్తాయి. వాషర్ గట్టిగా తిప్పి పిండిన తర్వాత కూడా పొడి బట్ట బరువులో సగం బరువు నీళ్లు అందులోనే ఉంటాయి. తువ్వాళ్లు, గౌన్లు వంటివి గంటకు 120 కిలోలు డ్రయ్యర్‌కు వెళ్తే 60 కిలోల నీరు పోవాలి. గాలిని వేడి చేసి, ఆ గాలితో బట్ట ఆరబెట్టే పద్ధతి కాబట్టి కిలో నీటికి రెండు కిలోలకు పైగా ఆవిరి పడుతుంది. అది 130 కిలోలు. మిగతా 165 కిలోలు దుప్పట్లు, క్యాలెండర్‌కు వెళ్తాయి. అక్కడ లోహం నేరుగా బట్టకు తగులుతుంది, వేడి తక్కువగా వృథా అవుతుంది, 140 కిలోలతో సరిపోతుంది. వాషర్ పిండే వేగం ఎంత బాగుంటే ఈ రెండు అంకెలు అంత తగ్గుతాయి. కరెంటు మోటారుతో పిండేసిన నీటికి అయ్యే ఖర్చు, అదే నీటిని ఆవిరితో ఎగరగొట్టే ఖర్చులో చాలా చిన్న భాగం. బాయిలర్ గురించి మాట్లాడే ముందు వాషర్ పిండే వేగం చూడమని నేననేది అందుకే.

ప్రెస్‌లకు 20, పైపుల్లో చల్లారిపోయేది 25 కలిపితే మొత్తం గంటకు 515 కిలోలు. ఇది సగటు. పలకల మీద అంకెలు కూడితే వచ్చేది 1,350. వాషర్ నీళ్లను ఎనిమిది నిమిషాల్లో వేడెక్కించాలంటే ఆ ఎనిమిది నిమిషాలూ గంటకు 210 కిలోల లెక్కన ఆవిరి లాగుతుంది. పలక మీద రాసేది ఆ అంకె. నాలుగు వాషర్లు ఒకేసారి వేడెక్కుతాయనుకుంటేనే వాటికి 840 కిలోలు కావాలి. కానీ యాభై నిమిషాల సైకిల్లో అది ఎనిమిది నిమిషాల పని. వాషర్లను పన్నెండు నిమిషాల తేడాతో ఒకదాని వెంట ఒకటి మొదలుపెడితే ఏ క్షణంలోనైనా ప్రధాన ఉతుకు వేడెక్కించేది ఒకటే ఉంటుంది. ఆ ఒక్క క్రమశిక్షణతో లాండ్రీ గరిష్ఠ అవసరం గంటకు 700 కిలోల దగ్గర ఆగిపోతుంది. పొద్దున ఏడింటికి నలుగురూ నాలుగు బటన్లు ఒకేసారి నొక్కితే, చల్లగా ఉన్న క్యాలెండర్ రోలరు కూడా అప్పుడే మొదలైతే, పలకల లెక్కే నిజమవుతుంది.

పెద్దది కొంటే నష్టమేంటి, ఎక్కువుంటే మంచిదే కదా అనుకోవచ్చు. 1,500 కిలోల బాయిలర్ పెట్టారనుకోండి. మధ్యాహ్నం మూడింటికి వాషర్లు ఆగి, క్యాలెండర్ ఒక్కటే నడిచేటప్పుడు అవసరం 200 కిలోలకు పడిపోతుంది. బర్నర్ తన పూర్తి మంటలో మూడో వంతుకో నాలుగో వంతుకో తగ్గగలదు, అంతకంటే కిందికి దిగలేదు. కాబట్టి ఆరిపోతుంది. ప్రెషర్ తగ్గగానే మళ్లీ వెలుగుతుంది. వెలిగే ప్రతిసారీ ముందుగా ఫ్యాను చల్లని గాలిని ట్యూబుల్లోంచి ఊది, మిగిలిన గ్యాసును బయటకు తోలుతుంది. భద్రత కోసం అది చేయక తప్పదు. కానీ వేడిగా ఉన్న ట్యూబుల్లోంచి ఆ గాలి వేడిని పట్టుకుని చిమ్నీలోంచి పోతుంది. గంటకు పదిసార్లు ఇలా జరిగితే ఆ బాయిలర్ పలక మీది సామర్థ్యానికి అర్థం లేదు.

మరీ చిన్నదైనా కష్టమే, అది వేరే దారిలో కనిపిస్తుంది. బాయిలర్ ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువ లాగితే ప్రెషర్ ఏడు నుంచి అయిదుకు పడుతుంది. ప్రెషర్ తగ్గిన ఆవిరి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి నీటి మట్టం నుంచి ఇంకా వేగంగా పైకి లేస్తుంది, నీటి తుంపరలను తనతో మోసుకొస్తుంది. ఆ తడి ఆవిరి క్యాలెండర్‌లోకి వెళ్తుంది. దుప్పటి ఇస్త్రీ అయి బయటకొచ్చినా చేత్తో తడిమితే చెమ్మగా ఉంటుంది. ఆపరేటర్ రోలరు వేగం తగ్గిస్తాడు, పని సాయంత్రానికి జారిపోతుంది. బాయిలర్ నీటి ఉప్పు ఆ తుంపరలతో పాటు వచ్చి వాల్వుల మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది.

కాబట్టి మన ఆసుపత్రికి 600 కిలోలవి రెండు బాయిలర్లు అనుకుందాం. మామూలుగా ఒకటే నడుస్తుంది, పొద్దుటి రద్దీలో రెండోది తోడవుతుంది. రెండు ఉండడానికి ఇంకో కారణం చట్టం. 1923 నాటి బాయిలర్ల చట్టం పోయి 2025లో కొత్తది వచ్చినా తనిఖీ పద్ధతి పోలేదు. ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజున బాయిలర్ చల్లార్చి, తెరిచి చూపించాలి. ఆ రోజు ఆసుపత్రి బట్టలు ఆగవు. అంటే ఒక్క 600 కిలోల బాయిలర్ రోజంతా 515 కిలోల సగటు మోయగలగాలి. మోస్తుందా?

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. 600 కిలోలు అన్న అంకె, 100 డిగ్రీల నీటిని 100 డిగ్రీల ఆవిరిగా మార్చినప్పటి లెక్క. కిలోకు 540 కిలోకేలరీలు అన్నమాట. మనం ఇచ్చేది 30 డిగ్రీల నీళ్లు, అడిగేది 7 కిలోల ప్రెషర్ ఆవిరి. దానికి కిలోకు 631 కిలోకేలరీలు పెట్టాలి. కాబట్టి ఆ బాయిలర్ నిజంగా ఇచ్చేది గంటకు 513 కిలోలే. అదే ఫీడ్ నీరు 80 డిగ్రీలు ఉంటే కిలోకు 581 చాలు, 557 కిలోలు వస్తుంది. బాయిలర్ అదే, బర్నర్ అదే. లోపలికి వెళ్లే నీరు వేడిగా ఉండటం వల్లే 44 కిలోలు పెరిగింది. ఈ వేడినీళ్లు ఎక్కడి నుంచి రావాలన్నదే ఇక మిగిలిన కథంతా.

ఆవిరి క్యాలెండర్ రోలరులోనో డ్రయ్యర్ కాయిల్‌లోనో తన వేడి ఇచ్చేసి నీరుగా మారుతుంది. దాన్నే కండెన్సేట్ అంటారు. అది శుభ్రమైన నీరు, ఇంచుమించు డిస్టిల్డ్ వాటరే. పైగా 170 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆవిరి కోసం మనం పెట్టిన మొత్తం వేడిలో నాలుగో వంతు ఇంకా ఈ నీళ్లలోనే ఉంది. ట్రాప్ దాటి ప్రెషర్ లేని పైపులోకి రాగానే 170 డిగ్రీల నీరు నీరుగా ఉండలేదు. కుక్కర్ మూత ప్రెషర్‌తో ఉండగానే తీస్తే లోపలి నీరు ఒక్కసారిగా ఎలా ఉడికి పొంగుతుందో ఇక్కడా అంతే జరుగుతుంది. బరువులో 13 శాతం అక్కడికక్కడే ఆవిరైపోతుంది. దీన్ని ఫ్లాష్ స్టీమ్ అంటారు. మిగతాది 100 డిగ్రీల నీరవుతుంది.

మన లెక్కలో క్యాలెండర్, డ్రయ్యర్లు, ప్రెస్‌ల నుంచి గంటకు 290 కిలోల కండెన్సేట్ వస్తుంది. అందులో 38 కిలోలు ఫ్లాష్‌గా పోతే 252 కిలోల నీరు మిగులుతుంది. వేడి లెక్క వేస్తే ఒక విషయం తేలుతుంది, నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. ఆ 38 కిలోల ఆవిరిలో ఉన్న వేడి, మిగిలిన 252 కిలోల నీటిలో ఉన్న వేడి కంటే ఎక్కువ. మేడ మీద కండెన్సేట్ ట్యాంకు వెంట్ పైపు నుంచి రోజంతా తెల్లగా ఎగిరేది అదే. ట్యాంకులో వేడినీళ్లు నిండాయి, కండెన్సేట్ రికవరీ చేసేశామని సంతోషిస్తారు. సగానికి పైగా వేడి ఆకాశంలోకి వెళ్తూ ఉంటుంది.

ఆ వెంట్ పైపును కాసేపు గమనిస్తే లాండ్రీ ఆరోగ్యం తెలిసిపోతుంది. ఫ్లాష్ అయితే నెమ్మదిగా, మెషిన్ల పనిని బట్టి హెచ్చుతగ్గులతో, పైపు మూతి దగ్గర నుంచే తెల్లగా కనబడుతుంది. అదే మూతి దగ్గర కొంత దూరం ఏమీ కనపడకుండా ఖాళీగా ఉండి, ఆ తర్వాత మేఘంలా విచ్చుకుంటూ, ఆగకుండా బుస్సుమని వస్తుంటే కింద ఎక్కడో ఒక ట్రాప్ తెరుచుకుపోయి, అసలు ఆవిరినే వదిలేస్తోందని అర్థం. ఏ మెషిన్‌దో కనుక్కోవడానికి ఒక్కో మెషిన్ స్టీమ్ వాల్వు మూసి చూడాలి. ఏది మూసినప్పుడు బుస తగ్గితే దాని ట్రాప్ పోయినట్టే.

ఇక వాషర్ల సంగతి. మన దగ్గర చాలా లాండ్రీల్లో ఆవిరిని నేరుగా ఉతుకు నీళ్లలోకి ఊదుతారు. ఆ 200 కిలోలు మళ్లీ తిరిగిరావు, సబ్బు నీళ్లతో కలిసి కాలువలోకి పోతాయి. దీన్ని పెద్ద నష్టంగా చెప్పేవాళ్లున్నారు. కొంచెం ఓపిగ్గా చూస్తే అంత కాదు. ఆవిరి నీళ్లలో కలిసినప్పుడు దాని వేడంతా ఆ నీళ్లకే చేరింది, ఎక్కడికీ పోలేదు. పోయింది శుభ్రమైన నీరు. ఆ లోటును బోరు నీటితో పూడ్చాలి. అసలు దెబ్బ బ్లోడౌన్ దగ్గర తగులుతుంది, అక్కడికి వస్తాను.

ఈ 252 కిలోలు తిరిగొచ్చేసరికి పైపుల్లో చల్లారి 90 డిగ్రీలకు దిగుతాయి. మిగతా లోటుకు 30 డిగ్రీల కొత్త నీరు 330 లీటర్ల దాకా కలుస్తుంది. ట్యాంకులో మొత్తం 56 డిగ్రీల దగ్గర తేలుతుంది. మనకు కావాల్సింది 80. ఈ తేడాను ఫ్లాష్ స్టీమ్, బ్లోడౌన్ వేడి కలిసి పూడ్చాలి. 80కి తేవడానికి ఫ్లాష్ మొత్తం అక్కర్లేదు. మొత్తం తెచ్చి ఫీడ్ ట్యాంకులో ఊదితే నీరు మరుగుతుంది, ఫీడ్ పంపు దగ్గర చిక్కొస్తుంది. బాగా వేడి నీటిని పంపు లాగితే దాని నోటి దగ్గర నీరు బుడగలు కట్టి, లోపలికి వెళ్లగానే పగులుతాయి. పంపులో గులకరాళ్లు వేసి తిప్పినట్టు శబ్దం వస్తుంది, బాయిలర్‌లో నీటి మట్టం పడిపోతుంది. అందుకే ట్యాంకును పంపుకంటే రెండు మూడు మీటర్లు ఎత్తులో పెట్టి, 80–85 డిగ్రీల దగ్గర ఆపడం మంచిది. మిగిలిన ఫ్లాష్‌ను పక్కనే ఉన్న వాషర్ల నీళ్ల ట్యాంకుకు మళ్లించాలి. లాండ్రీకి ఉన్న సౌకర్యం ఇదే. వేడినీళ్లు కావాల్సినవాడు పది అడుగుల దూరంలో ఉంటాడు.

కండెన్సేట్ తిరిగి రావాలంటే ట్రాపులు సరిగ్గా పనిచేయాలి. ఖర్చు తగ్గిద్దామని రెండు రోలర్లకు కలిపి ఒకే ట్రాప్ పెడతారు. ఒక రోలరులో ప్రెషర్ కాస్త ఎక్కువుంటే దాని ఆవిరి ట్రాప్‌ను మూసేస్తుంది, రెండో రోలరులో నీళ్లు నిలిచిపోతాయి. ఇది కంటికి కనబడే దోషం. క్యాలెండర్ నుంచి వచ్చే దుప్పటిని రెండు చేతులతో పట్టుకుని ఒక కొస నుంచి ఇంకో కొసకు తడుముతూ వెళ్లండి. మధ్యలో పొడిగా, ఒకవైపు అంచున చెమ్మగా తగిలితే ఆ వైపు రోలరులో నీరో గాలో ఇరుక్కుని ఉంది. రోలరుకు ఒక ట్రాప్, పొద్దున గాలి బయటకు పోయే ఏర్పాటు, ఇవి రెండూ ఉంటే ఈ బాధ ఉండదు.

తిరుగు పైపు తుప్పు పట్టడం ఇంకో సమస్య. తెలంగాణలో, రాయలసీమలో బోరు నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ. బాయిలర్ వేడిలో అది విడిపోయి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది ఆవిరితో వెళ్లి, కండెన్సేట్‌లో కరిగి పులుపు ఎక్కిస్తుంది. తిరుగు పైపు అడుగు భాగం గాడి పడ్డట్టు తినేస్తుంది. ఫీడ్ ట్యాంకులో నీరు ఎర్రమట్టి రంగు తేలుతుంటే అదే సంకేతం.

ఇప్పుడు బ్లోడౌన్. బాయిలర్‌లోంచి ఆవిరి ఒక్కటే పోతుంది, నీటితో వచ్చిన ఉప్పులు అక్కడే మిగిలిపోతాయి. రోజులు గడిచేకొద్దీ నీరు చిక్కబడి నురగ లేస్తుంది, ఆవిరితో పాటు బయటకొస్తుంది. అలా కాకుండా కొంత చిక్కని నీటిని ఎప్పటికప్పుడు వదిలేస్తారు. బోరు నీటి టీడీఎస్ 700, బాయిలర్‌లో తయారీదారు అనుమతించిన పరిమితి 3,500 అనుకుందాం. సాఫ్ట్‌నర్ ఉంది కదా అని ధీమా పడేవాళ్లు చాలామంది. సాఫ్ట్‌నర్ గారకట్టే కాల్షియం, మెగ్నీషియంలను తీసి ఆ స్థానంలో సోడియం ఇస్తుంది. గార పోయింది కానీ టీడీఎస్ ఇంచుమించు అలాగే ఉంది.

కండెన్సేట్ ఏమీ తిరిగి రాకపోతే మన బాయిలర్ గంటకు 129 కిలోల వేడి నీరు బయటకు వదలాలి. అంటే ఆవిరి చేసిన ప్రతి నాలుగు కిలోలకు ఒక కిలో కాలువలోకి. 252 కిలోలు తిరిగొస్తే ఆ నీటిలో ఉప్పు లేదు కాబట్టి వదలాల్సింది 66 కిలోలకు, దాదాపు సగానికి, దిగుతుంది. ఆవిరి వాషర్లలోకి పోయిన ప్రతి కిలోకూ బోరు ఉప్పు ఎక్కువ వస్తుందని ముందు అన్నది దీని గురించే.

వదిలే నీళ్లు 170 డిగ్రీల వేడిగా ఉన్నాయి. వాటి వేడి తిరిగి తీసుకోవాలంటే ఒక షరతుంది. షిఫ్టుకోసారి అడుగు వాల్వును కొన్ని సెకన్లు తెరిచి బురదను తోసేస్తారే, ఆ నీటి వేడి చేతికి చిక్కదు. అంత తక్కువ సమయంలో అంత నీరు వచ్చిపడితే ఏ హీట్ ఎక్స్చేంజరూ పట్టుకోలేదు. నీటి ఉపరితలం నుంచి, టీడీఎస్ కొలిచే సెన్సర్ చెప్పినప్పుడల్లా, కొద్దికొద్దిగా తీసే నీరు ఉండాలి. ఆ 66 కిలోలను ముందుగా ఒక చిన్న ఫ్లాష్ వెసెల్‌లోకి పంపితే తొమ్మిది కిలోల శుభ్రమైన ఆవిరి పైకి వచ్చి నేరుగా ఫీడ్ ట్యాంకులోకి వెళ్తుంది. ఉప్పంతా ఉన్న మిగతా 57 కిలోలు ప్లేట్ హీట్ ఎక్స్చేంజర్‌లోంచి వెళ్తూ కొత్త నీటిని కాస్త వేడి చేసి, 40 డిగ్రీల దగ్గర కాలువలోకి పోతాయి. రెండూ కలిపి గంటకు 8,800 కిలోకేలరీలు తిరిగొస్తాయి. లీటరు డీజిల్ మంట నుంచి ఆవిరికి చేరేది సుమారు 7,500 కిలోకేలరీలని పెట్టుకుంటే గంటకు లీటరుకు పైచిలుకు, ఎనిమిది గంటల రోజుకు తొమ్మిది లీటర్లు. ఆసుపత్రి మురుగు పైపుల్లోకి మరిగే నీళ్లు పోకుండా ఆగడం పైగా దొరికేది.

అయినా ఈ పరికరాన్ని కళ్లు మూసుకుని కొనమనను. సాఫ్ట్‌నర్‌కు బదులు ఆర్వో పెట్టి టీడీఎస్ 50కి దించితే బ్లోడౌన్ గంటకు నాలుగు కిలోలకు పడిపోతుంది. అప్పుడు తిరిగి తీసుకోవడానికి అసలు వేడే లేదు. ట్యాంకును 80 డిగ్రీలకు తేవడానికి కండెన్సేట్ ఫ్లాష్‌లో సగం చాలు. ఆర్వో వదిలేసే ఉప్పు నీళ్లు గంటకు వంద లీటర్లకు పైనే ఉంటాయి, వాటిని టాయిలెట్ల ఫ్లష్‌కు వాడే ఏర్పాటు ఉంటే నేనైతే ఆర్వోకే ఓటేస్తాను. అలా వాడుకునే దారి లేకపోతే, నీటి ఎద్దడి ఉన్న ఊరైతే, బ్లోడౌన్ వేడిని పట్టుకోవడమే నయం. రెండూ కొన్నచోట హీట్ ఎక్స్చేంజర్ ఖాళీగా వేలాడుతుంటుంది. టీడీఎస్ 200 ఉండే కాలువ నీళ్లు, కొండ చెరువు నీళ్లు వాడే ఆసుపత్రికి ఈ లెక్క వేరేగా వస్తుంది.

ఇప్పుడు తనిఖీ రోజు ప్రశ్నకు వద్దాం. కండెన్సేట్ తిరిగి రాని లాండ్రీలో ఒక్క 600 కిలోల బాయిలర్ 513 కిలోలు ఇస్తుందన్నాం. అందులోంచి 129 కిలోల బ్లోడౌన్ నీటిని వేడెక్కించడానికే 29 కిలోల ఆవిరికి సరిపడే మంట పోతుంది. మెషిన్లకు దక్కేది 484. కావాల్సింది 515. ఆ రోజు బట్టలు మిగిలిపోతాయి, వచ్చే ఏడు పెద్ద బాయిలర్ కొనాలని ఫైలు కదులుతుంది. అదే బాయిలర్‌కు 80 డిగ్రీల ఫీడ్ నీరు ఇచ్చి, బ్లోడౌన్‌ను 66కు దించితే మెషిన్లకు 547 కిలోలు దక్కుతుంది. వాషర్లను ఇంకొంచెం ఎడంగా మొదలుపెట్టి, గరిష్ఠాన్ని సగటుకు దగ్గరగా తెస్తే సాయంత్రం కాస్త ఆలస్యమైనా పని పూర్తవుతుంది. రెండు లాండ్రీల మధ్య తేడా బాయిలర్‌లో లేదు. ఒకదానిలో ఇన్సులేషన్ చుట్టిన తిరుగు పైపు ఉంది, ఇంకోదానిలో లేదు.

ఇంధనం కూడా చూద్దాం. తిరుగు నీరు లేకపోతే సగటున గంటకు 46 లీటర్ల డీజిల్, ఉంటే 41. రోజుకు 40 లీటర్లు. మిగిలిన ఫ్లాష్‌ను వాషర్ల నీళ్లకు మళ్లిస్తే ఇంకో 18 లీటర్లు. లీటరు 95 రూపాయలనుకుంటే రోజుకు 5,500 రూపాయల దగ్గర. ఎల్పీజీ వాడినా, పైపు గ్యాస్ వాడినా పొదుపు శాతం ఇదే ఉంటుంది, రూపాయలు మారతాయి.

కాబట్టి టెండరు రాసేవారు బాయిలర్ కిలోల పక్కన ఫీడ్ నీటి ఉష్ణోగ్రతను తప్పకుండా రాయాలి. 100 డిగ్రీల లెక్కలో ఎంత అని కాకుండా, 80 డిగ్రీల నీటితో 7 కిలోల ప్రెషర్‌లో గంటకు ఎంత ఇస్తుందో చెప్పమని అడగాలి. బర్నర్ మంట ఎంతవరకు తగ్గగలదో అడగాలి. కొత్త నీటి పైపు మీద ఒక మీటరు, ఇంధనానికి ఒక మీటరు, ఫీడ్ ట్యాంకుకు ఒక థర్మామీటరు పెట్టించాలి. ఈ మూడింటికీ అయ్యేది బాయిలర్ ధరలో చిన్న ముక్క. ఆపరేటర్ పొద్దున, మధ్యాహ్నం ఈ మూడు అంకెలు పుస్తకంలో రాస్తే చాలు. కొత్త నీటి మీటరు గంటకు 330 లీటర్ల దగ్గర తిరగాల్సింది 450కి వెళ్తే, తిరుగు పైపులో ఎక్కడో కండెన్సేట్ కాలువ పాలవుతోంది. మీటరు మామూలుగానే ఉండి ట్యాంకు 80 నుంచి 65కు దిగితే, ఫ్లాష్ ఎటో పోతోంది. రెండూ సరిగ్గా ఉండి డీజిల్ మాత్రం పెరిగితే, ట్రాపులనూ బర్నర్‌నూ చూడాలి.